ఆడియో రికార్డింగ్‌లో మాటల మధ్య ఖాళీలు కత్తిరించే ముందు

- అసలు ఫైల్ జోలికి పోకుండా కాపీ మీదే పని చేయండి.

- ఎవరూ మాట్లాడని చోట వినిపించే గది శబ్దాన్ని ఐదారు సెకన్లు విడిగా దాచుకోండి. కోసిన చోట ఫ్యాన్ హోరు చటుక్కున ఆగితే హెడ్‌ఫోన్స్‌లో ఇట్టే దొరికిపోతుంది. అక్కడ అతకడానికి ఇదే పనికొస్తుంది.

- ఖాళీని పూర్తిగా తీసేయకండి. 3 సెకన్ల మౌనాన్ని సుమారు 0.7 సెకనుకు తగ్గిస్తే చాలు. ప్రశ్న తర్వాతైతే ఇంకాస్త ఉంచండి, వినేవాళ్లు ఆలోచించుకోవాలిగా! ఊపిరి తీసుకునే శబ్దాన్ని మాత్రం సగంలో తెంపొద్దు.

- "అ..." అనే సాగతీత తర్వాతి మాటకు అతుక్కుని ఉంటే వదిలేయండి. "అ... అప్పుడు"లో తొందరపడి కోస్తే నాకు "ప్పుడు" మిగిలింది.

- ఆటోమేటిక్‌గా మౌనం తొలగించే ఆప్షన్ మెల్లగా పలికిన వాక్యాల చివర్లను మింగేయగలదు. ముందు ఒక్క నిమిషం ముక్క మీద చూడండి.