ఉద్యోగుల సర్వే నిర్వహణ – మూడో పాఠం: ఆహ్వాన లేఖలో గోప్యత గురించి ఏమి రాయాలి

ప్రశ్నావళి తయారీ గత రెండు పాఠాల్లో పూర్తయింది. దానితో పాటు పంపవలసిన ఆహ్వాన లేఖను ఇప్పుడు రాద్దాం. శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరం పారిశ్రామికవాడలో ఒక మందుల కర్మాగారం ఉందనీ, దాని నాణ్యతా పరీక్షల ల్యాబ్‌లో 20 మంది పనిచేస్తున్నారనీ అనుకోండి. వారిలో ఎ షిఫ్టువారు 8 మంది, బి షిఫ్టువారు 8 మంది, జనరల్ షిఫ్టువారు 4 మంది.

‘మీ సమాధానాలు పూర్తిగా గోప్యంగా ఉంటాయి’ అనే ఒక్క వాక్యంతో చాలా లేఖలు ఈ విషయాన్ని ముగిస్తాయి. లింకు తన పేరున్న మెయిల్‌కే వచ్చినప్పుడు, ఆ వాక్యాన్ని ఏ కెమిస్టూ నమ్మడు, నమ్మకపోవడం న్యాయమే. కనుక ముందుగా మీ సర్వే ఏ పద్ధతిలో నడుస్తుందో తేల్చుకోవాలి. క్యాంటీన్ గోడమీద ఒకే క్యూఆర్ కోడ్ అంటించి, లాగిన్ గానీ మెయిల్ చిరునామా గానీ అడగకపోతే, ఎవరు పూరించారో మీకు తెలియదు. అయితే ఒకరే రెండుసార్లు పూరించినా మీరు పట్టుకోలేరు, గుర్తుచేసే సందేశం కూడా అందరికీ పంపవలసి ఉంటుంది. ప్రతి ఒక్కరికీ వేరు లింకు పంపితే, పూరించనివారికి మాత్రమే గుర్తుచేయవచ్చు గానీ, సమాధానాన్ని మనిషితో ముడిపెట్టే ఆధారం ఎక్కడో ఒకచోట ఉంటుంది. రెండో పద్ధతిని ఎంచుకుని ‘మీరెవరో ఎవరికీ తెలియదు’ అని రాయడం అబద్ధం. ఆ ఆధారం ఎవరి దగ్గర ఉంటుందో, ఎప్పుడు తొలగిస్తారో రాయాలి.

అసలు చిక్కు ఫలితాలను విడదీసి చూపేటప్పుడు వస్తుంది. ఐదుగురికంటే తక్కువ మంది సమాధానమిచ్చిన బృందం ఫలితాన్ని విడిగా చూపకూడదని చాలాచోట్ల నియమం పెట్టుకుంటారు. మన ల్యాబ్‌లో నలుగురే ఉన్న జనరల్ షిఫ్టు ఫలితాన్ని ఆ ప్రకారం దాచారనుకుందాం. ‘మా సూపర్‌వైజర్ మా మాట వింటారు’ అనే అంశానికి 5 మార్కులకు ఎ షిఫ్టు సగటు 4, బి షిఫ్టు సగటు 3.5, ల్యాబ్ మొత్తం సగటు 3.4 అని నివేదికలో ఉంది. అందరూ సమాధానమిచ్చారు గనుక మొత్తం మార్కులు 68. ఎ షిఫ్టువి 32, బి షిఫ్టువి 28 తీసివేస్తే మిగిలేవి 8. అంటే జనరల్ షిఫ్టు సగటు 2. దాచామనుకున్న ఫలితం, కూడికలు తీసివేతలు వచ్చిన ఏ మేనేజరుకైనా రెండు నిమిషాల్లో దొరికిపోయింది. అందువల్ల ఇటువంటి చోట షిఫ్టులవారీ లెక్కను పూర్తిగా మానేసి, ల్యాబ్ మొత్తం సగటు ఒక్కటే ఇవ్వడం మంచిది.

రాతపూర్వక అభిప్రాయాలకు ఈ నియమం పనిచేయదు. ‘రాజాం బస్సు ఆలస్యమైన రోజున నాకే హాజరు కోస్తున్నారు’ అని రాస్తే, ఆ బస్సులో ల్యాబ్‌నుంచి వచ్చేది ఒక్కరే అయినప్పుడు పేరు వేరే చెప్పనక్కర్లేదు. ఈ సంగతిని లేఖలోనే హెచ్చరికగా చెప్పాలి.

ఇక లేఖ నమూనా చూడండి:

> ల్యాబ్‌లో పని ఏర్పాట్లు, సూపర్‌వైజర్ల తీరు గురించి మీ అభిప్రాయం తెలుసుకుని, వచ్చే ఆరు నెలల్లో రెండు అంశాలను సరిచేయడం ఈ సర్వే ఉద్దేశం. మీకు వచ్చిన లింకు మీ ఒక్కరిదే. ఎవరు పూరించారన్నది సర్వే నిర్వహించే బయటి సంస్థకు మాత్రమే తెలుస్తుంది. సర్వే ముగిసిన 30 రోజులకు వారు ఆ వివరం తొలగిస్తారు. మేనేజర్లకు ల్యాబ్ మొత్తం సగటు మాత్రమే అందుతుంది. మీరు రాసిన మాటలు ఉన్నవి ఉన్నట్లుగా ప్లాంట్ హెడ్ చదువుతారు గనుక, మిమ్మల్ని గుర్తుపట్టించే వివరాలు రాయకండి. సర్వే ముగిసిన మూడు వారాల్లోగా ఫలితాలను షిఫ్టు మీటింగుల్లో, బాగాలేనివాటితో సహా, మీ ముందుంచుతాం. జీతాల ఒప్పందం ఈ సర్వేతో మారదు. వేధింపుల ఫిర్యాదును ఇందులో రాయకుండా అంతర్గత కమిటీకి ఇవ్వండి. ఇక్కడ రాస్తే దానిపై విచారణ జరగదు.

జీతాల గురించిన వాక్యాన్ని తీసేయమని యాజమాన్యం అడగవచ్చు. తీయకండి. జీతం పెరుగుతుందన్న ఆశతో పూరించినవారు వచ్చే ఏడాది లింకు తెరవరు. తేదీల విషయంలో మాత్రం తగ్గండి: మూడు వారాలు సాధ్యం కాదనిపిస్తే ఐదు అని రాయండి, కానీ ఆ ఐదు దాటకూడదు.

అభ్యాసం: మీ విభాగంలో షిఫ్టు, లింగం, సర్వీసు కాలం అనే మూడు వివరాలు అడుగుతున్నారనుకోండి. మూడింటినీ కలిపి చూసినప్పుడు ఐదుగురికంటే తక్కువ మంది మిగిలే గడులు ఎన్నో కాగితంమీద లెక్కించి, ఏ వివరాన్ని అడగడం మానాలో నిర్ణయించి, దానికి తగినట్లు పై నమూనాలోని గోప్యత వాక్యాలను తిరిగి రాయండి. నాలుగో పాఠంలో ఫలితాల మీటింగుకు కావలసిన పత్రం తయారుచేద్దాం.