ఉమ్మనీరా, మూత్రమా? బట్ట తడిసినప్పుడు ముందు చూడాల్సింది

లేబర్ రూమ్ ఫోన్ మోగిందంటే సగంసార్లు ఇదే మాట: "సిస్టర్, బట్ట తడిసింది. నీరు పోయిందో, మూత్రమో తెలియట్లేదు." నేను ముందుగా అడిగేది ఒక్కటే, "ప్యాడ్ పెట్టుకున్నారా?" అని. పెట్టుకోలేదంటారు. తడిసిన బట్ట అప్పుడే నీళ్లలో నానేసి ఉంటారు. ఇక రంగూ వాసనా ఎవరు చెప్పాలి?

ఒక్కసారిగా బడబడా పోతే

ఇందులో అనుమానానికి చోటు లేదు. లోపల ఏదో టప్‌మన్నట్టు కొందరికి తెలుస్తుంది, కొందరికి అదీ తెలియదు. నొప్పి ఉండదు. గోరువెచ్చగా కాళ్ల వెంట కారుతుంది, ఆపుదామన్నా ఆగదు. లోపల నీరు ఊరుతూనే ఉంటుంది కాబట్టి మొదటి పోటు అయ్యాక కూడా కదిలినప్పుడల్లా కొంచెం కొంచెం వస్తూ ఉంటుంది. ఇలాంటివాళ్లు వెంటనే బయల్దేరి వచ్చేస్తారు. నాకు భయం వీళ్ల గురించి కాదు.

కొంచెం కొంచెంగా తడుస్తుంటే

అసలు మోసం ఇక్కడుంది. ఉమ్మనీటి సంచి కింద, గర్భాశయ ముఖద్వారం దగ్గర చిరిగితే నీరు బడబడా వస్తుంది. పై భాగంలో ఎక్కడో చిన్న చిల్లు పడితే గోడ వెంబడి జారుతూ చుక్కలుగా వస్తుంది. పగలంతా ఒక ప్యాడ్ కూడా నిండకపోవచ్చు.

నెలలు నిండేకొద్దీ బిడ్డ తల మూత్రాశయాన్ని నొక్కుతుంది. తుమ్మినా నవ్వినా నాలుగు చుక్కలు పడటం మామూలే. అందుకే "దగ్గినప్పుడే పడింది, కాబట్టి మూత్రమే" అని తేల్చేస్తారు. ఈ లెక్క తప్పు. దగ్గితే పొట్టలో ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడికి చిల్లులోంచి ఉమ్మనీరూ వస్తుంది. మేము పరికరం పెట్టి లోపల చూసేటప్పుడు "ఒక్కసారి దగ్గమ్మా" అనేది ఇందుకే.

ఈ తప్పు నేనూ చేశాను. ముప్పై నాలుగో వారంలో ఉన్న ఒకామె ఫోన్ చేసింది. రెండో కాన్పు. "నవ్వితే తడుస్తోంది సిస్టర్, మొదటిసారీ ఇలాగే మూత్రం పడేది" అంది. పైగా ముందురోజు స్కాన్‌లో నీరు సరిపడా ఉందని రాశారట. నేనూ మూత్రమే అయ్యుంటుంది అనేశాను. మూడో రోజు చలిజ్వరంతో వచ్చింది. ఒళ్లు 38.4 డిగ్రీల సెల్సియస్, ప్యాడ్‌కి చెడు వాసన, బిడ్డ గుండె వేగం ఎక్కువ. లోపల చూస్తే నీరు మడుగులా నిలిచి ఉంది. ఆ రోజే కాన్పు చేయాల్సి వచ్చింది. బిడ్డ కొన్నాళ్లు ఐసీయూలో యాంటీబయాటిక్స్ మీద ఉండి ఇంటికెళ్లింది. చిల్లు చిన్నదైతే కారినంత నీరు మళ్లీ ఊరుతుంది, స్కాన్‌లో మామూలుగానే కనిపిస్తుంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఆ రోజు ప్యాడ్ గురించి అడగలేదు.

ప్యాడ్‌తో ఎలా చూడాలి

ఇది 37 వారాలు నిండి, బిడ్డ బాగా కదులుతూ, జ్వరం, రక్తం లాంటివేమీ లేనివాళ్లకే. 37 నిండనివాళ్లు ఇంట్లో పరీక్షలు పెట్టుకుంటూ కూర్చోవద్దు. ప్యాడ్ పెట్టుకుని ఆసుపత్రికి బయల్దేరండి. నెలలు నిండకుండా నీరు పోతే బిడ్డ ఊపిరితిత్తుల కోసం ఇంజెక్షన్, ఇన్ఫెక్షన్ రాకుండా మందులు అవసరం కావచ్చు. వాటికి సమయం దొరకాలి.

ముందు మూత్రాశయం పూర్తిగా ఖాళీ చేయండి. బయట శుభ్రంగా తుడుచుకుని, పొడిబట్ట కట్టుకుని, కొత్త తెల్ల ప్యాడ్ పెట్టుకోండి. టైమ్ చూసుకుని ఎడమవైపుకి తిరిగి అరగంట పడుకోండి. తర్వాత లేచి నిలబడండి. పడుకున్నప్పుడు కారిన నీరు యోనిలో నిలుస్తుంది. లేవగానే ఒక్కసారిగా జారితే అది ఉమ్మనీరే అనుకుని బయల్దేరండి. అప్పుడే మూత్రానికి వెళ్లి వచ్చారు కదా, అంత మూత్రం ఎక్కడినుంచి వస్తుంది?

రంగు ఒక్కదాన్నీ నమ్మొద్దు. నీళ్లు బాగా తాగితే మూత్రమూ తెల్లగానే ఉంటుంది. వాసన నమ్మదగ్గది. మూత్రం ఘాటు ముక్కుకి తెలిసిపోతుంది, ఉమ్మనీటికి దాదాపు వాసన ఉండదు, ఉన్నా కాస్త తియ్యగా ఉంటుంది. అందులో తెల్లటి పిసరులు తేలుతూ కనిపించవచ్చు, కాస్త గులాబీ ఛాయ రావచ్చు. ఇంకో ఆధారం: మూత్రం ఆపుకున్నట్టు కింద కండరాలు బిగించండి. మూత్రమైతే చాలామందికి ఆగుతుంది, ఉమ్మనీరు ఆగదు.

ప్యాడ్ పొడిగా ఉంటే రెండు గంటలు మామూలుగా తిరిగి మళ్లీ చూడండి. అప్పుడూ పొడిగా ఉంటే చాలావరకు మూత్రమే. కానీ పొడి ప్యాడ్ గ్యారంటీ కాదు. మళ్లీ తడిసినా, అనుమానం పోకపోయినా వచ్చి చూపించుకోండి. పదిసార్లు ఊరికే వచ్చినా మేమేమీ అనుకోము.

నీరు పోయిందని తెలిశాక

టైమ్, రంగు, ఎంత తడిసిందో, బిడ్డ కదులుతోందో లేదో చూసుకుని ఫోన్ చేయండి. నెలలు నిండి, నీరు తేటగా ఉండి, బిడ్డ కదులుతూ ఉంటే కంగారు లేదు. ఎక్కువమందికి 24 గంటల్లోపే నొప్పులు మొదలవుతాయి. కానీ నొప్పులొచ్చేదాకా ఇంట్లోనే ఉంటాననొద్దు. ఆగాలా, నొప్పులు రప్పించాలా అన్నది మిమ్మల్ని చూశాకే తేలుతుంది. లోపల ఏమీ పెట్టొద్దు, వేలుపెట్టి చూసుకోవద్దు, కలయిక వద్దు. లోపలికి పోయిన ప్రతిదీ ఇన్ఫెక్షన్‌కి దారే.

నీరు ఆకుపచ్చగానో గోధుమరంగులోనో ఉంటే బిడ్డ లోపలే మలం పోసిందని. ఈ రంగు, చెడువాసన, జ్వరం, ప్యాడ్ మీద ఎర్రటి రక్తం, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏది ఉన్నా ఒక్క నిమిషం ఆగొద్దు. బిడ్డ అడ్డంగానో ఎదురుకాళ్లతోనో ఉందని ముందే చెప్పి ఉంటే కూడా అంతే.

యోనిలో తాడులాంటిది తగిలినా, బయటికి కనిపించినా అది బొడ్డుతాడు. లోపలికి తోయొద్దు, అసలు ముట్టుకోవద్దు. మోకాళ్ల మీద వంగి, ఛాతీ నేలకు ఆనించి, పిరుదులు పైకెత్తి ఉండండి. బిడ్డ బరువు తాడు మీద పడదు. అంబులెన్స్‌కి వేరేవాళ్లని ఫోన్ చేయమనండి, మీరు ఆ భంగిమ వదలొద్దు.

ఇక చెమట, వీర్యం, తెల్లబట్ట అంటారా? ఉంటాయి. తెల్లబట్ట జిగటగా ఉంటుంది, నీళ్లలా జారదు. రంగు మారే స్ట్రిప్ కొని చూస్తామంటారు కొందరు. రక్తం, వీర్యం తగిలినా అది రంగు మారుతుంది, డబ్బు దండగ.

వచ్చేటప్పుడు తడిసిన ప్యాడ్‌ని ఒక కవర్‌లో పెట్టి తీసుకురండి, పారేయొద్దు.