అప్రైజల్ లెటర్ వచ్చే ముందే ఇవి తెలుసుకోండి, ముఖ్యంగా బెల్ కర్వ్ సంగతి

అప్రైజల్ సీజన్ దగ్గర పడింది కదా, లెటర్ ఓపెన్ చేయగానే అందరం ముందు పర్సెంటేజ్ చూస్తాం, రేటింగ్ చూస్తాం, పక్కన ఉన్న రెండు లైన్లు మాత్రం చదవం. అసలు విషయం ఆ లైన్లలోనే ఉంటుంది. టీమ్ లీడ్‌గా రేటింగ్ మీటింగుల్లో నాలుగేళ్లు కూర్చున్నాను కాబట్టి లోపల ఏం జరుగుతుందో చెప్తాను.

లెటర్‌లో "ఫైనల్ రేటింగ్ పోస్ట్ నార్మలైజేషన్" అనో "క్యాలిబ్రేటెడ్ రేటింగ్" అనో "రిలేటివ్ టు పీర్ గ్రూప్" అనో ఉందంటే, మీ మేనేజర్ ఇచ్చిన రేటింగ్ తర్వాత క్యాలిబ్రేషన్ అనే ఇంకో మీటింగ్‌కి వెళ్లిందని అర్థం. అక్కడ మీ ఒక్కరి పని కాదు, మీ గ్రేడ్ వాళ్లందర్నీ వరుసలో పెట్టి చూస్తారు. ఒక గ్రూపులో 100 మంది ఉన్నారనుకోండి, 5 రేటింగ్ 10 మందికి, 4 రేటింగ్ 20 మందికి, 3 రేటింగ్ 55 మందికి, మిగతా 15 మందికి కింది రేటింగులు అని కోటా పెట్టారు, బెల్ కర్వ్ అనేది దీన్నే. మేనేజర్లందరూ కలిపి 45 మందికి 4 గానీ 5 గానీ రాసుకొస్తే, సీట్లు 30 మాత్రమే కాబట్టి 15 మంది 3కి దిగాల్సిందే, ఆ 15 మందిలో బాగా పనిచేసినవాళ్లు కూడా ఉంటారు.

మరి మీది కోటా వల్ల తగ్గిందా, పని వల్ల తగ్గిందా ఎలా తెలుస్తుంది? మేనేజర్ కామెంట్స్ చదవండి. అన్నీ మెచ్చుకోళ్లే ఉండి రేటింగ్ మాత్రం 3 ఉంటే చాలావరకు కోటా వల్లే. ఫలానా డెలివరీ లేట్ అయింది, ఫలానా ఎస్కలేషన్ వచ్చింది అని స్పష్టంగా రాసి ఉంటే అది పని గురించే. కొన్ని పోర్టల్స్‌లో ఫైనల్ రేటింగ్ పడ్డాక మేనేజర్ ముందు ఇచ్చింది కనిపించదు, అందుకే రివ్యూ మీటింగ్ అయిన రోజే ఆయన ఏం చెప్పారో తేదీతో సహా రాసి పెట్టుకోండి. కంపెనీ డాక్యుమెంట్లు మాత్రం పర్సనల్ మెయిల్‌కి పంపుకోకండి, దానికి వేరే గొడవ అవుతుంది.

ఇప్పుడు హైక్. "నాకూ వాడికీ ఇద్దరికీ 3 ఏ వచ్చింది, వాడికి 9 శాతం, నాకు 5 ఏంటి" అని చాలామంది బాధపడతారు, దాన్ని పక్షపాతం అనుకునే ముందు ఇది చూడండి. చాలా కంపెనీల్లో హైక్‌కి ఒక గ్రిడ్ ఉంటుంది, ఒకవైపు రేటింగ్, ఇంకోవైపు మీ గ్రేడ్ జీతాల రేంజ్‌లో మీరు ఎక్కడున్నారో. మీ గ్రేడ్ మధ్య జీతం నెలకి 60,000 అనుకుందాం. మీ కొలీగ్‌ది 48,000, అంటే మధ్యకి 80 శాతం, గ్రిడ్‌లో 3 రేటింగ్‌కి అక్కడ 9 శాతం ఉంది, 4,320 పెరుగుతుంది. మీది 66,000, అంటే 110 శాతం, అదే 3కి అక్కడ 5 శాతమే, 3,300 పెరుగుతుంది. మీ గడిలో 4 రేటింగ్‌కి 7 శాతం ఉందనుకుంటే 4,620 వచ్చేది, అంటే రేటింగ్ ఒక మెట్టు దిగడం వల్ల నెలకి 1,320 పోయింది, పైగా వచ్చే ఏడాది హైక్ ఈ తగ్గిన బేస్ మీదే లెక్కేస్తారు. ఈ అంకెలు నేను ఉదాహరణకి పెట్టినవి, గ్రిడ్ కంపెనీకో రకంగా ఉంటుంది, కానీ మీ లెటర్ అర్థం కావాలంటే హెచ్‌ఆర్‌ని "నా జీతం రేంజ్‌లో ఎక్కడుంది" అని అడగడం తప్పనిసరి.

ఇంకోటి, 5 శాతం అంటే దేని మీద 5 శాతం? వేరియబుల్ పే కలిపిన మొత్తం మీదా, ఫిక్స్‌డ్ మీదేనా చూడండి, ఫిక్స్‌డ్ మీదే అయితే పెంపు మీరు మొత్తం మీద లెక్కేసుకున్నదానికంటే తక్కువే ఉంటుంది. ఏ తేదీ నుంచి అమలో కూడా చూడండి, వెనకటి తేదీ ఉంటే ఎరియర్స్ రావాలి. ప్రమోషన్ కూడా ఉంటే దాని పెంపు ఇందులోనే కలిపేశారా, విడిగా ఉందా అడగండి.

అక్‌నాలెడ్జ్ బటన్ నొక్కే ముందు పక్కన ఏం రాసి ఉందో చదవండి, కొన్నిచోట్ల అది "అందింది" అని మాత్రమే, కొన్నిచోట్ల "ఒప్పుకుంటున్నాను" అని ఉంటుంది, అభ్యంతరం చెప్పడానికి గడువు ఎన్ని రోజులో కూడా అక్కడ ఉందేమో చూడండి.

అయితే లెటర్ వచ్చాక రేటింగ్ మారడం నేను చాలా అరుదుగా చూశాను, ఎందుకంటే మీది పెంచితే కోటాలో ఇంకొకరిది దించాలి. జాగ్రత్త పడాల్సింది క్యాలిబ్రేషన్ మీటింగ్‌కి ముందే. అక్కడ మీ పేరు వచ్చినప్పుడు మేనేజర్‌కి దొరికేది ఒకటి రెండు నిమిషాలు, వేరే టీమ్ మేనేజర్లు "ఇతను ఏం చేశాడు" అని అడుగుతారు, "బాగా కష్టపడతాడు" అంటే నిలబడదు, "ఫలానా పని 6 గంటల నుంచి 2 గంటలకి తగ్గించాడు, మీ టీమ్ కూడా వాడుతోంది" అంటే నిలబడుతుంది. అలాంటి పనులు మూడింటిని అంకెలతో సహా రాసి, మీటింగ్‌కి వారం ముందే మేనేజర్‌కి మెయిల్ చేయండి.