పడుకోంగానే బుర్రలో పనులు తిరగడం మొదలైతే ఒక కాగితం తీసుకోండి

పగలంతా పని, ఫోన్, ట్రాఫిక్ గోలలో మనసుకి ఖాళీ ఉండదు, లైట్ ఆపేసి పడుకోంగానే సగంలో వదిలేసిన పనులన్నీ ఒక్కసారిగా లైన్ కడతాయి, ఎందుకంటే మర్చిపోతామేమో అని బుర్ర వాటినే తిప్పి తిప్పి గుర్తు చేస్తా ఉంటాది. నాకు కొర్లగుంటలో ఇంటి అద్దె, పాప ఫీజు, అమ్మ కంటి చెకప్, ఇవే రోజూ ఒంటిగంట దాకా.

ఇప్పుడు చేసేది ఏందంటే, పడుకునే ముందు అయిదు నిమిషాలు కాగితం మీద రేపు చేయాల్సినవి రాస్తా. ఫోన్‌లో వద్దు, రాయడానికి తీసి రీల్స్‌లో పడతాం. "ఫీజు" అని ఊరికే రాస్తే లాభం లేదు, "సోమవారం పది గంటలకి స్కూల్ ఆఫీస్‌కి పోయి రెండు కంతుల్లో కట్టొచ్చా అని అడగాలి" అని రాయాల, అప్పుడే బుర్ర దాన్ని వదిలేస్తాది. 2018లో అమెరికాలో బేలర్ యూనివర్సిటీ వాళ్ళు 57 మందితో చూస్తే, అయిపోయిన పనులు రాసినోళ్ళ కంటే చేయాల్సినవి రాసినోళ్ళు సుమారు తొమ్మిది నిమిషాలు ముందే నిద్రపోయినారంట, ఎంత వివరంగా రాస్తే అంత తొందరగా.

అయినా ఇరవై నిమిషాలైనట్టు అనిపించినా నిద్ర రాకపోతే (గడియారం చూడొద్దు సామీ, లెక్కలు మొదలవుతాయి) లేచి వేరే గదిలో చిన్న లైట్‌లో కూర్చోండి, కళ్ళు మూతలు పడినప్పుడే మంచం ఎక్కండి. వారానికి మూడు రాత్రులు, మూడు నెలలుగా ఇట్లే ఉంటే మాత్రం కాగితంతో పోదు, డాక్టర్‌కి చూపించుకోవాల.