డ్యూటీ ఎక్కేముందు: యూనిఫాం, శుభ్రత జాగ్రత్తలు

వంటగది, సర్వీసు సిబ్బందికి,

ముందు చేతులు చూసుకోండి. ఉంగరాలు, గాజులు, వాచీ లాకర్‌లో పెట్టాలి. ఉంగరం కింద పిండి, తడి ఇరుక్కుంటాయి, సబ్బు అక్కడికి చేరదు. మంగళసూత్రం తీయక్కర్లేదు, కోటు లోపలికి వేసుకుంటే చాలు.

వేలు తెగితే దాచొద్దు, దానికి జీతం కోయం. పుండులో ఉండే స్టెఫిలోకాకస్ క్రిమి అన్నంలో చేరి విషం వదిలితే, మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. నీలం ప్లాస్టర్ వేసి పైన గ్లౌజు తొడగండి. నీలమే ఎందుకంటే, ఊడి పప్పులో పడినా ఇట్టే కనిపిస్తుంది. చీము పడితే మాత్రం ఆ రోజు బిల్లింగ్ కౌంటర్‌లో పని ఇస్తాం.

గడ్డం ఉండొచ్చు, నెట్ తప్పనిసరి. టాయిలెట్‌కి వెళ్లేముందు యాప్రాన్ విప్పి కొక్కేనికి తగిలించండి.

— మేనేజర్