‘ఫుల్లీ సింథటిక్’ డబ్బాలో ఏముందో కనిపెట్టడం ఎలా?

భీమవరంలోనో అమలాపురంలోనో స్పేర్ పార్ట్స్ షాపు కౌంటర్ దగ్గర 5W-30 ఇంజిన్ ఆయిల్ అడిగితే రెండు డబ్బాలు పెడతారు. రెండింటి మీదా ‘ఫుల్లీ సింథటిక్’ అనే ఉంటుంది, కానీ ఒకటి రెండోదానికి దాదాపు రెట్టింపు ధర. తేడా ఎక్కువగా బేస్ ఆయిల్‌లో ఉంటుంది. డబ్బాలో ముప్పావు వంతుకు పైగా ఉండేది అదే, మిగతాది ఆయిల్ గుణాలు పెంచడానికి కలిపే రసాయనాలు, అంటే అడిటివ్‌లు.

బేస్ ఆయిళ్లను అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ఐదు గ్రూపులు చేసింది. మొదటి మూడూ ఎక్కువగా ముడి చమురు నుంచి వచ్చేవే. గ్రూప్ 1లో పనికిరాని పదార్థాన్ని సాల్వెంట్‌తో తీసేస్తారు, అంటే బియ్యంలో రాళ్లు ఏరడం లాంటిది. గ్రూప్ 2, 3లలో హైడ్రోజన్‌ని ఎక్కువ ఒత్తిడిలో పంపి ఆ రాయినే గింజగా మార్చేస్తారు. గంధకం 0.03 శాతానికి మించదు. ఆ పని ఇంకా గట్టిగా చేసి, వేడికి పలచబడే గుణాన్ని బాగా తగ్గిస్తే గ్రూప్ 3. వేడికి ఎంత తక్కువ పలచబడుతుందో చెప్పే విస్కాసిటీ ఇండెక్స్ దానికి 120 లేదా ఆపైన ఉండాలి.

గ్రూప్ 4 అంటే పాలీఆల్ఫాఓలిఫిన్, పొట్టిగా పి.ఎ.ఓ. ఇది శుద్ధి చేసిన చమురు కాదు, కట్టిన చమురు. ఇథిలీన్ గ్యాస్ నుంచి డెసీన్ తయారుచేసి, ఆ అణువులను మూడేసి నాలుగేసి కలిపి, చివర హైడ్రోజన్ పట్టిస్తారు. ఇన్ని మెట్లు ఎక్కాలి కాబట్టే ధర. మిగిలినవన్నీ గ్రూప్ 5, మనకు అందులో ముఖ్యమైంది ఎస్టర్. పి.ఎ.ఓ.లో అడిటివ్‌లు సరిగా కరగవు, పైగా అది రబ్బరు సీళ్లను కొంచెం కుదిస్తుంది. ఎస్టర్ ఈ రెండు లోపాలనూ సరిచేస్తుంది కాబట్టి కొంత కలుపుతారు. డబ్బా మీద ‘ఎస్టర్’ అని పెద్దక్షరాల్లో ఉన్నా లోపల ఉండేది సాధారణంగా కొంచెమే.

మరి గ్రూప్ 3 కూడా ‘సింథటిక్’ ఎలా అయింది? 1999లో అమెరికాలో మొబిల్, క్యాస్ట్రాల్ మధ్య ప్రకటనల తగువు వచ్చింది. గ్రూప్ 3ని అలా పిలవడం తప్పు కాదని అక్కడి ప్రకటనల పరిశీలన విభాగం తేల్చింది. తక్కువ ధర సింథటిక్‌లు షాపుల్లో నిండింది ఆ తర్వాతే.

ఇప్పుడు డబ్బా సంగతి చూద్దాం. కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ ఆయిల్ పేరుతో SDS అనే భద్రతా సమాచార కాగితం ఉంటుంది, ఫోన్‌లోనే తెరవొచ్చు. మూడో సెక్షన్‌లో పదార్థాల పక్కన CAS నంబర్లు ఉంటాయి, అంటే ఒక్కో రసాయనానికి ఇచ్చిన గుర్తింపు సంఖ్యలు. 68037-01-4 పెద్ద శాతంతో కనిపిస్తే అది పి.ఎ.ఓ. 64742-54-7 గానీ 72623-87-1 గానీ పెద్ద శాతంతో ఉంటే హైడ్రోజన్‌తో శుద్ధి చేసిన చమురు, అంటే గ్రూప్ 2 లేదా 3. ఆ రెంటిలో ఏది అన్నది నంబర్ చెప్పదు. చమురు నంబర్ రెండు మూడు శాతమే ఉంటే పట్టించుకోకండి, అడిటివ్‌లను కరిగించడానికి వాడింది కావచ్చు. ప్రమాదకరం కాని పదార్థాన్ని కంపెనీ అసలు రాయకపోవచ్చు కూడా. కాబట్టి పి.ఎ.ఓ. నంబర్ లేనంత మాత్రాన పి.ఎ.ఓ. లేదనుకోకూడదు.

తర్వాత లెక్క. మీ కారుకు 3.5 లీటర్లు పడుతుందనుకుందాం. గ్రూప్ 3 ఆయిల్ 1,900 రూపాయలు, పి.ఎ.ఓ.ది 3,500 అనుకోండి. మాన్యువల్ 10,000 కిలోమీటర్లకు మార్చమంటే మొదటిది కిలోమీటరుకు 19 పైసలు, రెండోది 35. రెండూ సమానం కావాలంటే ఖరీదైన ఆయిల్‌తో 18,400 కిలోమీటర్లు తిరగాలి. వారంటీలో ఉన్న బండికి అంత దూరం ఎవరూ ఒప్పుకోరు.

పైగా పి.ఎ.ఓ. అసలు గొప్పతనం గడ్డకట్టే చలిలో కనిపిస్తుంది. మన డెల్టాలో సంక్రాంతి తెల్లవారుజామున కూడా చలి పదిహేను డిగ్రీల చుట్టుపక్కలే. మైనస్ నలభైలో పారే గుణానికి ఇక్కడ డబ్బు పెట్టడం దండగని నా అభిప్రాయం. టర్బో ఇంజిన్‌తో ఎండాకాలం మొత్తం హైవే మీద తోలేవాళ్లకు వేడిని తట్టుకునే గుణం కొంత పనికొస్తుంది, వాళ్లు ఆలోచించొచ్చు. ఎవరైనా సరే, మాన్యువల్ అడిగిన గ్రేడ్, స్పెసిఫికేషన్ డబ్బా వెనక ఉన్నాయో లేదో ముందు చూడాలి. అవి లేని పి.ఎ.ఓ. కంటే ఉన్న గ్రూప్ 3 మేలు.

రొయ్యల చెరువు దగ్గర డీజిల్ జనరేటర్ కథ వేరు. కరెంటు పోయినప్పుడల్లా గంటల తరబడి ఏరేటర్లను తిప్పే ఆ ఇంజిన్‌లో ఆయిల్‌ని ముందు పాడుచేసేది మసి, ఆమ్లం. వాటిని అడ్డుకునేది అడిటివ్‌లే, అవి అయిపోతే పి.ఎ.ఓ. అయినా మార్చాల్సిందే. అక్కడ తయారీదారు చెప్పిన డీజిల్ గ్రేడ్ మినరల్ ఆయిల్ పోసి, అవర్ మీటర్ చూసి వేళకు మార్చండి. మిగిలిన డబ్బుతో ఒక ఫిల్టర్ అదనంగా కొని షెడ్డులో ఉంచుకోవచ్చు.