ఇంటి వైఫై పాఠాలు – 5: ఇంటిపేరు, ఫ్లాట్ నంబరు లేని నెట్‌వర్క్ పేరు

గత పాఠంలో రౌటర్ పేజీలోకి వెళ్లి నెట్‌వర్క్ పేరు ఎక్కడ మార్చాలో చూశాము. ఆ తరువాత వచ్చిన ఉత్తరాలను బట్టి చూస్తే, పేరు మార్చినవారిలో ఎక్కువమంది రెండు చోట్ల తడబడ్డారు. కొందరు ఒక పేరును మార్చి, అదే డబ్బా నుంచి వెలువడుతున్న మిగతా పేర్లను వదిలేశారు. మరికొందరు పేరు మార్చడానికి బదులు పేరును దాచిపెట్టి, పని అయిపోయిందనుకున్నారు. ఈ రెండింటినీ సరిచేయనిదే ముందుకు పోలేము కనుక, ఈసారి అనుకున్న పాస్‌వర్డు పాఠాన్ని వెనక్కి జరుపుతున్నాను. పేజీలోకి ఎలా వెళ్లాలో ఇక్కడ మళ్లీ రాయడం లేదు.

ముందుగా, కాజీపేట నుంచి ఒకరు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాలి. "మా ఇంటిపేరు, ఫ్లాట్ నంబరు అపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలిసినవే, గేటు దగ్గర బోర్డు మీద కూడా ఉన్నాయి, ఇక వైఫైలో ఉంటే వచ్చే నష్టమేమిటి?" అని ఆయన అడిగారు. గేటు బోర్డును చదవాలంటే మనిషి గేటు దాకా రావాలి. నెట్‌వర్క్ పేరు విషయం అలా కాదు. రౌటర్ తన పేరును సెకనుకు సుమారు పదిసార్లు ప్రకటిస్తూ ఉంటుంది. మీ పాస్‌వర్డు ఎంత గట్టిదైనా ఈ ప్రకటన గుప్తలిపిలో ఉండదు, ఎందుకంటే ఇంకా చేరని ఫోను కూడా ఆ పేరును చదవగలగాలి. అందువల్ల వీధిలో వాహనం మీద పోతూ, చుట్టూ వినిపించే పేర్లను అవి వినిపించిన చోటుతో సహా నమోదు చేసుకోవడం చాలా తేలిక. WiGLE అనే పటం 2001 నుంచి ఇలాంటి నమోదులనే ప్రపంచమంతటా పోగు చేస్తున్నది. అందులో ఊరి పేరుతోనే కాక, నెట్‌వర్క్ పేరుతో కూడా వెతకవచ్చు. అంటే ఎక్కడో కూర్చున్న మనిషి ఒక ఇంటిపేరును టైపు చేసి, ఆ పేరున్న నెట్‌వర్క్ హన్మకొండలో ఏ వీధిలో ఉన్నదో చూడగలడు.

ఇప్పుడు ఒక ఉదాహరణను పూర్తిగా చూద్దాము. సుబేదారిలో ఉండే ఒక పాఠకురాలి ఇంట్లో ఫైబర్ కనెక్షన్ పెట్టడానికి వచ్చిన అబ్బాయి "పేరు ఏం పెట్టమంటరు మేడం?" అని అడిగి, జవాబు వచ్చేలోపే ఇంటిపేరు, ఫ్లాట్ నంబరు కలిపి పెట్టి వెళ్లాడు. అసలు ఇంటిపేరును మార్చి రాస్తున్నాను:

```
Gundeti_F302
Gundeti_F302_5G
Gundeti_F302_EXT
```

మొదటిది 2.4 గిగాహెర్ట్జ్ పట్టీది, రెండవది 5 గిగాహెర్ట్జ్ పట్టీది, మూడవది వెనుక గదికి సిగ్నల్ చాలక కొన్న ఎక్స్‌టెండర్‌ది. ఈ పేరులో ఇంటిపేరు ఉంది, ఫ్లాట్ నంబరు ఉంది. భవనం ఏదన్నది సిగ్నల్ వినిపించిన చోటే చెబుతుంది. మన దేశంలో ఓటర్ల జాబితాలు పోలింగ్ కేంద్రాల వారీగా అందరికీ అందుబాటులో ఉంటాయి. వాటిలో ప్రతి ఓటరు పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయస్సు ఉంటాయి. పైన చెప్పిన మూడు వివరాలు చేతిలో ఉన్న మనిషి ఆ ప్రాంతపు జాబితాలో ఆ ఇంటిపేరును వెతికితే, భార్యాభర్తల పేర్లు, ఓటు హక్కు వచ్చిన పిల్లల పేర్లు, ఇంట్లో ఉండే పెద్దవారి వయస్సు ఒకే చోట కనిపించే అవకాశం ఉంది. ఆపైన "302లో గుండేటి వారేనా, మీ అబ్బాయి పేరు మీద పార్సిల్ ఆగిపోయింది" అని ఫోను వస్తే, ఇంట్లో ఒంటరిగా ఉన్న డెబ్బై ఏళ్ల పెద్దమనిషి అనుమానించడానికి ఏమీ మిగలదు. పైగా మన ఇంటిపేరు తరచుగా సొంత ఊరును, కులాన్ని కూడా తెలియజేస్తుంది. ఆ వివరాలను గోడలు దాటించి వీధికి పంపవలసిన అవసరం వైఫైకి లేదు.

ఇక ఆమె చేసిన మార్పు సంగతి. మొదటి పేరును చక్కగా మార్చారు. రెండవ, మూడవ పేర్లు అలాగే ఉండిపోయాయి. రౌటర్ పేజీలో రెండు పట్టీలకు రెండు వేర్వేరు పుటలు ఉంటాయి, ఒక దానిలో చేసిన మార్పు చాలా డబ్బాలలో రెండవ దానికి సోకదు. ఎక్స్‌టెండర్ అయితే అసలు వేరే పరికరం. అది మొదట జతచేసిన రోజున రౌటర్ పేరును నకలు తీసుకుని, చివర EXT తగిలించుకుంది. రౌటర్ పేరు మారేసరికి దానికి పాత రౌటర్ దొరకలేదు కాబట్టి వెనుక గదిలో ఇంటర్నెట్ ఆగిపోయింది, అయినా పాత పేరును మాత్రం ప్రకటిస్తూనే ఉంది. ఆమె "పేరు మారిస్తే నెట్ పోయింది" అని రాసింది ఇందుకే. ఎక్స్‌టెండర్‌ను రీసెట్ చేసి, కొత్త పేరుతో మొదటి నుంచి జతచేసి, దాని సొంత పేరును కూడా సరిచూసుకుంటే ఈ తంటా తీరుతుంది. అతిథుల కోసం విడిగా పెట్టిన నెట్‌వర్క్ ఉంటే, దాని పేరు కూడా చూడాలి. ఫోను హాట్‌స్పాట్‌ను కూడా ఈ లెక్కలోనే చేర్చండి. ఐఫోనులో హాట్‌స్పాట్ పేరు అంటే ఫోను పేరే, అందులో సాధారణంగా యజమాని పేరు ఉంటుంది. Settings, General, About, Name అనే వరుసలో వెళ్లి దానిని మార్చవచ్చు.

నన్ను బాగా విసిగించే విషయం మాత్రం పేరును దాచడమే. రౌటర్ పేజీలో Hide SSID అనే గడి ఒకటి కనిపిస్తుంది. దానిలో టిక్కు పెడితే జాబితాలో పేరు కనిపించదు కనుక, ఇక ఇంటిపేరు ఉన్నా ఫరవాలేదని చాలామంది అనుకున్నారు. అలా అనుకోవడానికి ఆధారం లేదు. టిక్కు పెట్టాక కూడా రౌటర్ ప్రకటనలు ఆగవు, పేరు ఉండవలసిన చోటు మాత్రమే ఖాళీగా వస్తుంది. మీ ఫోను చేరేటప్పుడు ఆ పేరును గుప్తలిపి లేకుండానే పలకాలి. ఆ క్షణంలో వింటున్న పరికరానికి పేరు తెలిసిపోతుంది.

అసలు నష్టం ఇంటి బయట జరుగుతుంది. మామూలు నెట్‌వర్క్ అయితే ఫోను "ఇక్కడ ఏ నెట్‌వర్క్‌లు ఉన్నాయి" అని మాత్రమే అడుగుతుంది, లేదా ఊరికే వింటుంది. దాచిన నెట్‌వర్క్ తనంతట తాను పేరు చెప్పదు కనుక, ఫోను దానిని పేరు పెట్టి పిలవాలి. అది ఇంట్లో ఉన్నదో లేదో ఫోనుకు తెలియదు, కాబట్టి హన్మకొండ బస్టాండులోనూ, కాజీపేట జంక్షన్‌లోనూ, ఎక్కడ వైఫై ఆన్‌లో ఉంటే అక్కడ "Gundeti_F302 ఉన్నావా" అని పిలుస్తూ ఉండవచ్చు. గేటు మీది బోర్డును పీకేసి, ఇంట్లోని ప్రతివారినీ బజారులో ఇంటి నంబరు అరుస్తూ తిరగమన్నట్లు ఉంటుంది ఈ ఏర్పాటు. ఇలాంటి నెట్‌వర్క్‌లో చేరినప్పుడు ఆపిల్ ఫోన్లు గోప్యత గురించి హెచ్చరిక చూపేది ఇందుకే.

కాబట్టి ఆ టిక్కును తీసివేయండి. అంతటితో ఆగకూడదు. మీ ఫోనులో పాత పేరు దాచిన నెట్‌వర్క్‌గా నమోదై ఉంటుంది, ఆ నమోదు ఉన్నంతకాలం పిలుపు కొనసాగవచ్చు. ఇంట్లోని ప్రతి ఫోనులో, ల్యాప్‌టాప్‌లో పాత పేరును తెరిచి Forget నొక్కాలి. పిల్లల ట్యాబ్‌లను మరిచిపోతారు, అవి కూడా బడికీ ట్యూషన్‌కూ వెళ్లి వస్తూంటాయి.

పేరు ఎంపిక గురించి చెప్పవలసింది తక్కువే. ఇంటిపేరుతో పాటు పిల్లల పేర్లు, బండి నంబరు, ఇంటికి పెట్టుకున్న 'నిలయం' పేరు, చేసే ఉద్యోగం, ఫోను నంబరు చివరి అంకెలు కూడా పనికిరావు. అలాగని Home, WiFi వంటి అందరూ పెట్టే పేరు కూడా నేను పెట్టను. వైఫైని కాపాడే WPA2 అనే పద్ధతిలో అసలు తాళం పాస్‌వర్డు, నెట్‌వర్క్ పేరు రెండూ కలిసి తయారవుతుంది. అందువల్ల బాగా వాడుకలో ఉన్న పేర్లకు ముందుగానే లెక్కగట్టిన తాళాల పట్టికలు తిరుగుతున్నాయి. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు మాటలను జతచేయడం నాకు నచ్చిన పద్ధతి. చిక్కుడు, మంచం అనే మాటలతో ఇలా వస్తుంది:

```
ChikkuduMancham_nomap
```

చివరనున్న _nomap నా అలవాటు. పేరు దానితో ముగిస్తే, ఆ నెట్‌వర్క్‌ను తన స్థాన సేవలకు వాడుకోబోమని గూగుల్ 2011లో ప్రకటించింది. ఆ మాటను పాటించేవారికే అది వర్తిస్తుంది, వీధిలో వినేవారిని అది ఆపదు. తెలుగు లిపిలో పేరు పెట్టుకోవాలనుకునేవారు ఒక హద్దును గుర్తుంచుకోవాలి. పేరు 32 బైట్లకు మించకూడదు, మన అక్షరాలకూ గుణింతపు గుర్తులకూ ఒక్కొక్కదానికి మూడేసి బైట్లు పడతాయి. కాబట్టి 'పాకాల' అనే చిన్న మాటకే పదిహేను బైట్లు అయిపోతాయి. పాత టీవీలు, ప్రింటర్లు ఆ పేరును చదవలేక తికమకపడవచ్చు, అందుకని నేను ఇంగ్లిషు అక్షరాలతోనే సరిపెట్టుకుంటాను.

కొత్త పేరుకు ఒక పరిమితి ఉంది. ప్రతి ప్రకటనలోనూ పేరుతో పాటు BSSID అనే పరికర సంఖ్య కూడా వెలువడుతుంది, పేరు మారినా అది మారదు. పాత పేరు ఇదివరకే ఏదైనా పటంలోకి ఎక్కి ఉంటే, ఆ సంఖ్య ద్వారా పాత, కొత్త పేర్లను కలపవచ్చు. డబ్బా మారితేనే ఆ లంకె తెగుతుంది. అలాగే వరండాలో నిలబడి ఏ తలుపు దగ్గర సిగ్నల్ బలంగా ఉందో చూసే మనిషికి కొత్త పేరు అడ్డం కాదు. దూరం నుంచి వెతికేవారికి కొత్తగా ఏమీ అందకుండా చేయడమే దీని పని.

సాధన ఈసారి కొంచెం శ్రమతో కూడినది. పేరు మార్చేటప్పుడు వీలైతే రౌటర్‌కు కేబుల్ తగిలించిన కంప్యూటర్ నుంచి మార్చండి, ఫోను నుంచి చేస్తే సేవ్ నొక్కగానే సంబంధం తెగుతుంది. ఎలాగూ ప్రతి పరికరాన్నీ మళ్లీ కలపాలి కనుక, పాస్‌వర్డు ఫోను నంబరే అయి ఉంటే అదే కూర్చోవడంలో దానిని కూడా మార్చేయండి, వివరాలు వచ్చే పాఠంలో వస్తాయి. కెమెరాలు చాలావరకు 2.4 పట్టీలోనే చేరతాయి, వాటిని ఆ పేరుతోనే కలపండి. అంతా అయ్యాక ఫోనులో వైఫై జాబితాను తెరిచి మీ తలుపు బయట, లిఫ్టు దగ్గర, పార్కింగులో, ఎదురు వీధిలో నిలబడి ప్రతిచోటా కనిపించిన పేర్లన్నీ కాగితం మీద రాయండి. మీ పాత పేరు ఏ రూపంలోనైనా మిగిలి ఉంటే, అది ఏ పరికరం నుంచి వస్తున్నదో కనుక్కునేదాకా ఒక్కొక్క పరికరాన్నీ ఆపి చూడాలి. ఆ తరువాత మీ కొత్త పేరును మాత్రమే కరీంనగర్‌లోనో జగిత్యాలలోనో ఉన్న చుట్టానికి చెప్పి, దానిని బట్టి ఇల్లు ఎవరిదో ఊహించగలరేమో అడగండి. ఊహించగలిగితే పేరు మళ్లీ మార్చవలసిందే.